మడతలో పడ్డ నిప్పురవ్వ

మొన్న పెరంబూరులో చుట్టాలింటికి వెళ్లి తిరిగొస్తుంటే ఒక సందు మలుపులో బొగ్గుల ఇస్త్రీ వాసన తగిలింది. నీళ్లు చల్లిన నూలుచీర మీద వేడి పెట్టె ఆనించగానే లేచే ఆవిరి, అందులో కలిసిన బొగ్గు వాసన. ఇప్పుడు చెన్నైలో చాలా బండ్ల కింద గ్యాస్ సిలిండర్ కనిపిస్తోంది. గ్యాస్ పెట్టెకు బూడిద లేదు, విసరాల్సిన పని లేదు, నిప్పురవ్వ భయమూ లేదు. చేసేవాళ్ల ప్రాణానికి అదే సుఖం. అయినా ఆ పాత వాసన తగిలేసరికి కాళ్లు ముందుకు సాగలేదు. ఇంటికొచ్చి అక్కకి ఫోన్ చేసి చెప్పాను. "నాకా వాసనొస్తే ఎనిమిదో తరగతి గుర్తొస్తుందే" అంది. నాకు గుర్తొచ్చిందీ అదే. అక్క పరీక్ష రాసిన ఏడాది.

మాది అయనావరం. తాత నెల్లూరు వైపు నుంచి వచ్చి ఒక కానుగ చెట్టు కింద ఇస్త్రీ బండి పెట్టుకున్నాడు. తాత తరవాత ఆ చెట్టూ ఆ బండీ నాయనవయ్యాయి. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం. అక్కా నేనూ కార్పొరేషన్ బడిలో తమిళంలోనే చదివాం. అవ్వకి మాత్రం చివరిదాకా తమిళం రానేలేదు. కూరగాయలమ్మితో బేరం కూడా తెలుగులోనే ఆడేది, గెలిచేది కూడా.

తెల్లవారకముందే నాయన బండి దగ్గరికి వెళ్లేవాడు. ముందురోజు బూడిద దులిపి, కొబ్బరిచిప్ప ముక్కలు రెండు అంటించి, వాటి మీద బొగ్గులు పేర్చి, మూత తెరిచే ఉంచి పెట్టెని గాలివాటుకి పెట్టేవాడు. బొగ్గు చిటపటలాడటం ఆగి ఎర్రగా కుదురుకునే దాకా బట్ట మీద పెట్టేవాడు కాదు. చిటపటలాడుతోందంటే రవ్వ ఎగురుతుందని లెక్క. ముందు చింకి గుడ్డ మీద ఒకసారి రుద్ది, మసి లేదని చూసుకున్నాకే మొదటి చొక్కా తీసేవాడు. ఫ్యాక్టరీ సైరన్ మోగేసరికి రైల్వే క్వార్టర్స్ బట్టల్లో సగం అయిపోయి ఉండాలి.

ఆ బట్టలు తెచ్చేది అక్క. బడికి ముందు ఒక చుట్టు, బడయ్యాక ఒక చుట్టు. ఏ ఇంటివి ఎన్ని చొక్కాలు, ఎన్ని ప్యాంట్లు, ఎన్ని చీరలో ఒక పొడుగాటి నోటు పుస్తకంలో రాసేది. అమ్మ మడతపెట్టి మూట కడితే, అక్క పుస్తకం చూసి లెక్క సరిచూసి ఇచ్చొచ్చేది. మా ఇంట్లో ఆ పుస్తకం చదవగలిగింది మేమిద్దరమే.

ఎనిమిదో తరగతిలో ఉండగా ఒక సాయంత్రం అక్క మూట దించి, చెమట కూడా తుడుచుకోకుండా చెప్పింది. బడిలో సైన్స్ టీచర్ ఒక స్కాలర్‌షిప్ పరీక్ష గురించి చెప్పిందట. కేంద్ర ప్రభుత్వం 2008లో మొదలుపెట్టిన ఎన్.ఎం.ఎం.ఎస్. పరీక్ష అది. ప్రభుత్వ బడుల్లో, ఎయిడెడ్ బడుల్లో ఎనిమిది చదివే పిల్లలకే. ఏడో తరగతిలో నూటికి 55 మార్కులు వచ్చుండాలి, తల్లిదండ్రుల ఆదాయం ఏడాదికి లక్షాయాభై వేలు దాటకూడదు. ఎంపికైతే తొమ్మిది నుంచి పన్నెండు దాకా నెలకి 500 రూపాయలు. (ఇప్పుడది వెయ్యి అయింది. ఆదాయం హద్దూ పెంచారు.)

అవ్వ వెంటనే అంది, "ఏందిమే, ఎనిమిదితో చాలనుకున్నాం గదా."

నిజమే, అలాగే అనుకున్నారు. అమ్మకి కుడి భుజం లాగేస్తూ ఉండేది. నిండా బొగ్గులున్న ఇనుప పెట్టెని పొద్దున్నుంచి రాత్రిదాకా తోస్తే ఎవరి భుజమైనా అంతే. ఎనిమిది కాగానే అక్క బండి దగ్గర నిలబడితే అమ్మకి కాస్త ఊరట అనుకున్నారు. ఫీజు కట్టలేక కాదు. బడి ఉచితమే, పుస్తకాలూ మధ్యాహ్నం భోజనమూ అక్కడే. కావాల్సింది రెండు చేతులు. అక్కని బడికి పంపితే బండికి ఆ చేతులు పోతాయి.

నాయన "చూద్దాంలే పాపా" అన్నాడు. మా ఇంట్లో ఆ మాటకి అర్థం వద్దనే.

అక్క ఏడవలేదు, అన్నం మానలేదు. రాత్రి అందరూ పడుకున్నాక బట్టల పుస్తకం ముందేసుకుని వెనక పేజీలో ఏదో రాస్తూ కూర్చుంది. మర్నాడు అమ్మ బియ్యం ఏరుతుంటే పక్కన చేరింది.

"అమ్మా, చొక్కాకి ఎంత?"

"మూడు రూపాయలు. కొత్తగా అడుగుతున్నావేందే?"

"మరి నెలకి ఐదు వందలొస్తే ఎన్ని చొక్కాలు?"

అమ్మ వేళ్ల మీద లెక్క పెట్టలేక ఊరుకుంది. "నూటా అరవయ్యారు చొక్కాలు చేసినా ఐదొందలకి ఇంకా రెండు రూపాయలు తక్కువ" అంది అక్క. "నేను బడికి పోయినా ఆ చొక్కాలన్నీ చేసినట్టే గదా. అదీ నీ భుజం నొప్పి లేకుండా."

అమ్మ చెయ్యి చేటలో ఆగిపోయింది. "పొద్దుటి చుట్టు ఎవరు పోతారు?" అని మాత్రం అడిగింది. వద్దనే మనిషి అడిగే ప్రశ్న కాదది. అక్క నా వైపు చూసింది. నేను పోతానన్నాను. అప్పుడు నేను ఆరో తరగతి, మూట నాకంటే లావుగా ఉండేది. అయినా అక్క నన్ను లెక్కలోకి తీసుకుందని చాలా గర్వంగా అనిపించింది.

నాయన దగ్గర అక్క డబ్బు మాటే ఎత్తలేదు. "ఊరికే డబ్బులెవడిస్తాడు" అని ఆయన అప్పటికే తేల్చేసి ఉన్నాడు. ఆ పరీక్షలన్నీ కోచింగుకి పోయే పెద్దింటి పిల్లలకేనన్నది ఆయన నమ్మకం. టీచర్ ఇచ్చిన పాత ప్రశ్నల జిరాక్సు పట్టుకుని, మధ్యాహ్నం పని మందగించిన వేళ అక్క బండి దగ్గరికి వెళ్లింది. వెనకాల నేను.

ఆ కాగితాల్లో మెంటల్ ఎబిలిటీ అని ఒక భాగం ఉంది. వరసలో తరవాత వచ్చే అంకె ఏది, అద్దంలో బొమ్మ ఎలా కనిపిస్తుంది, అక్షరాలు మార్చి రాసిన మాట ఏది, ఇలాంటివి. ఒక ప్రశ్నలో చదరంగా ఉన్న కాగితాన్ని నిలువుగా ఒకసారి, అడ్డంగా ఒకసారి మడిచి, ఒక మూల దగ్గర చిల్లు పొడిచినట్టు బొమ్మ వేశారు. విప్పితే ఎలా ఉంటుందో కింద నాలుగు బొమ్మల్లోంచి ఎంచాలి.

అక్క ఆ బొమ్మ నాయనకి చూపించి, ప్రశ్న తెలుగులో చెప్పింది.

నాయన పెట్టెని పక్కన ఇనుప బిళ్ల మీద నిలబెట్టాడు. బొమ్మని కాదు, దాన్ని పట్టుకున్న అక్క వేళ్లని చూస్తున్నట్టుగా కాసేపు చూశాడు. "ఏ మూల? మడత మూలా, విడి మూలా?" అన్నాడు.

అక్క జవాబు చెప్పలేదు. ఆయనే చెప్పుకుపోయాడు. "మడతలన్నీ కలిసే మూల దగ్గర పడితే, విప్పినాక నాలుగు చిల్లులూ బట్ట నడిమధ్యలో దగ్గర దగ్గరగా ఉంటాయి. అంచులు విడిగా ఉండే మూల దగ్గర పడితే నాలుగు మూలలకీ ఒక్కోటి. రెండు మడతలకి నాలుగు పొరలు, నాలుగు చిల్లులు. ఇంకో మడతేస్తే ఎనిమిది."

ఆ తరవాత, మాకు ఎప్పుడూ చెప్పని సంగతి ఒకటి చెప్పాడు. ఆయన కుర్రతనంలో, తాత దగ్గర పని నేర్చుకునే రోజుల్లో, ఒక పెద్దాయన తెల్ల పంచె మూడు మడతలు పెట్టి పైన చివరి ఇస్త్రీ చేస్తుంటే పెట్టె పక్క కంతలోంచి రవ్వ ఎగిరి పడింది. దులిపేసరికి లోపలికి దిగిపోయింది. విప్పి చూస్తే ఎనిమిది చిల్లులు. పైపొరలో శనగగింజంత, కింద పొరకి వచ్చేసరికి సూదిమొనంత. తాత ఆ పంచె డబ్బు కట్టాడు. నాయన ఆ రాత్రి ఆ పంచెనే మడిచీ విప్పీ, మడిచీ విప్పీ, రవ్వ ఎక్కడ పడితే చిల్లులు ఎక్కడెక్కడ వస్తాయో చూస్తూ కూర్చున్నాడట.

"ఇదా మీ పరీక్ష?" అన్నాడు నాయన.

"ఇది కూడా" అంది అక్క.

ఆయన కాగితం తీసుకుని మిగతా బొమ్మలు చూశాడు. అద్దం బొమ్మలు కొన్ని టకటకా చెప్పాడు. అంకెల వరస దగ్గర ఆగాడు. 2, 6, 12, 20, 30 తరవాత ఏమిటని. అక్క మధ్యలో ఎంతెంత పెరుగుతోందో వేలితో చూపించింది. నాలుగు, ఆరు, ఎనిమిది, పది. "అయితే పన్నెండు కలపాల. నలభై రెండు" అన్నాడు. బడి మెట్టెక్కని మనిషి. నాయన మొహంలో ఆ వెలుగు అంతకుముందు నేను చూడలేదు. ఎవరో చీర తీసుకుని వచ్చి నిలబడ్డారు, ఆయన గమనించనే లేదు.

అసలు గట్టు ఇంకా ముందుంది. ఆదాయం సర్టిఫికెట్. తాలూకా ఆఫీసులో సంతకం అయి రావాలి. అంటే నాయన ఒక పూట బండి మూసుకోవాలి. అంతకంటే పెద్ద భయం ఇంకొకటి. సర్కారు కాగితం మీద సంపాదన రాసిస్తే రేషన్ కార్డు మార్చేస్తారని వీధిలో ఎవరో చెప్పారు. ఆ కార్డు మీదొచ్చే బియ్యమే మా ఇంటి అన్నం. అక్క టీచర్‌ని అడిగొచ్చింది, ఈ కాగితానికీ ఆ కార్డుకీ సంబంధం లేదని. నాయన వెంటనే నమ్మలేదు. రేషన్ షాపాయన్ని విడిగా తనే అడిగి, ఆయనా అదే చెప్పాక ఒప్పుకున్నాడు.

అప్పుడొచ్చింది అసలు చిక్కు. నాయన ఆదాయం ఎంత? ఆయనకే తెలియదు. పొద్దున్న వచ్చిన డబ్బు సాయంత్రానికి బొగ్గుకీ ఉప్పుకీ పప్పుకీ పోయేది. అక్క బట్టల పుస్తకం తిరగేసింది. పండగ ముందు రోజులు ఎక్కువ, వానాకాలం బాగా తక్కువ. అన్నీ కలిపి చూస్తే అమ్మా నాయనా ఇద్దరూ చేసేది రోజుకి సుమారు 120 బట్టలు. మూడు రూపాయల చొప్పున 360. బొగ్గు రోజుకి నాలుగు కిలోలు, కిలో 15, అంటే 60. మిగిలేది 300. నెలకి 26 రోజులు పని అనుకుంటే 7,800. ఏడాదికి 93,600.

అక్క ఆ అంకె చదివితే నాయన రెండోసారి చదవమన్నాడు. "అంత సంపాదిస్తన్నామా మనం?" అని అమ్మ వైపు తిరిగాడు. అమ్మ మాత్రం ఇంకో మాటంది. "లక్షాయాభైకి అంత దూరంలో ఉన్నామా?"

ఆఫీసులో మొదటిసారి రేషన్ కార్డు జిరాక్సు లేదని వెనక్కి పంపారు. రెండోసారి వెళ్లినప్పుడు గుమాస్తా నెలకెంత అని అడిగాడు. నాయన "రోజుకి ఇంత" అన్నాడు. "నెలకి చెప్పు, ఏడాదికి చెప్పు" అన్నాడాయన. నాయన జేబులోంచి అక్క రాసిచ్చిన కాగితం తీసి ఇచ్చాడు. గుమాస్తా దాన్ని ఒకసారి కిందిదాకా చూసి, ఆ అంకెలే దరఖాస్తులో ఎక్కించాడు. విచారణ అయి, సంతకాలయి సర్టిఫికెట్ చేతికొచ్చేసరికి బడిలో గడువు ముంచుకొచ్చింది. నాయన దాన్ని మడవలేదు. రోజంతా మడతలు పెట్టే మనిషి, రెండు అట్టల మధ్య పెట్టి నిటారుగా తెచ్చాడు.

అవ్వని ఒప్పించడానికి లెక్కలు పనికిరాలేదు. అక్క అప్పటికి పెద్దమనిషై ఏడాది కాలేదు. పరీక్ష వేరే బడిలో, బస్సెక్కి పోవాలి. "ఆడపిల్ల, తెలియని చోట, పొద్దున్నుంచి మధ్యాహ్నం దాకా" అని అవ్వ ఒకటే మాట. అక్క ఎదురు చెప్పలేదు. "అయితే నువ్వే రా అవ్వా. నాకూ ధైర్యంగా ఉంటుంది" అంది. ముసలామె నోట మాట రాలేదు. నువ్వు రా అని ఆమెని ఎవరూ పిలవక ఎన్నేళ్లయిందో!

ఆ తరవాత కొన్ని వారాలు మా ఇంట్లో రాత్రిళ్లు వేరుగా గడిచాయి. మెంటల్ ఎబిలిటీ 90 ప్రశ్నలు, 90 నిమిషాలు. పాఠాల ప్రశ్నలు మరో 90, వాటికీ 90 నిమిషాలే. అందులో సైన్స్ 35, సోషల్ 35, లెక్కలు 20. అంటే ప్రశ్నకి ఒక్క నిమిషం. నాయన చేతి గడియారం పట్టుకుని నేను కూర్చునేదాన్ని. నిమిషం దాటితే "ఊ" అనాలి, అక్క దాన్ని వదిలేసి ముందుకు పోవాలి. వదిలేయడం అక్కకి బొత్తిగా చేతకాలేదు. పళ్లు బిగబట్టి అక్కడే ఉండిపోయేది. తప్పు రాస్తే మార్కులు తగ్గించరని, కాబట్టి చివర్లో ఏదో ఒకటి దిద్దొచ్చని టీచర్ చెప్పాకే ఆ పట్టు వదిలింది.

బడిలో పెట్టిన నమూనా పరీక్షలో అక్కకి చాలా తక్కువ వచ్చాయి. టీచర్ పిలిచి ప్రశ్నలు నోటితో అడిగితే అన్నీ సరిగ్గా చెప్పింది. అప్పుడు జవాబుల కాగితం వెతికి చూశారు. నడుమ ఒక ప్రశ్న వదిలేసి, ఆ ప్రశ్నకి జవాబు దిద్దాల్సిన గుండ్రాన్ని మాత్రం వదలడం మరిచిపోయింది. అక్కడినుంచి ప్రతి జవాబూ ఒక వరస పైకి జరిగిపోయింది. ఇది చాలామంది పిల్లలకి జరుగుతుందట. అక్కకి అప్పుడు బట్టల పుస్తకమే తోవ చూపింది. పదేసి బట్టలకి ఒక గీత గీసి లెక్క సరిచూసుకునే అలవాటు ఎలాగూ ఉంది. అలాగే పదేసి ప్రశ్నలకి ఒకసారి ఆగి, ప్రశ్న అంకె, గుండ్రం అంకె ఒకటేనా అని చూసుకోవడం మొదలుపెట్టింది. మళ్లీ ఆ తప్పు జరగలేదు.

పరీక్షనాడు నాయన మిగతా బట్టలన్నీ పక్కనపెట్టి అక్క యూనిఫారం ఇస్త్రీ చేశాడు. ఆ నీలం పావాడ మడతలు ఒక్కొక్కటి వేలితో సరిచేస్తూ ఎంతసేపు చేశాడో. రోజూ ఊరందరి బట్టలూ చేసేవాడు గానీ మా బట్టలు తలకింద పెట్టుకుని పడుకుంటే అదే ఇస్త్రీ. అవ్వ జరీ పోయిన పెళ్లినాటి చీర కట్టుకుంది. సంచిలో పులిహోర, ఒక సీసా నీళ్లు. వాళ్లిద్దరూ బస్సెక్కాక నేను మూట నెత్తిన పెట్టుకుని నా చుట్టుకి పోయాను.

సాయంత్రం తిరిగొచ్చాక అక్క కంటే ముందు అవ్వ చెప్పింది. గేటు బయట చెట్టు కింద ఇంకా ఎంతోమంది తల్లులూ అవ్వలూ కూర్చున్నారట, అందులో ఇద్దరు తెలుగువాళ్లట, ఒకామెది మా ఊరి పక్కనేనట. గేటు కాపలామనిషితో తెలుగులోనే మాట్లాడి అందరికీ మంచినీళ్లు తెప్పించిందట. అక్కని పరీక్ష ఎలా రాశావని అడిగితే, "మడతల ప్రశ్న రెండొచ్చాయి నాయనా" అంది.

నాయన తలూపి పెట్టెలో బొగ్గు సర్దుకున్నాడు.

తమిళనాడుకి ఏడాదికి 6,695 మందికి ఈ స్కాలర్‌షిప్ ఇస్తారు. ఆ ఏడాది జాబితాలో అక్క నంబరుంది. టీచర్ మనిషిని పంపి కబురు చేసింది. బ్యాంకులో అక్క పేరిట ఖాతా తెరిచారు, అదే మా ఇంట్లో మొదటి పాసుపుస్తకం. నెలనెలా వస్తుందనుకున్న డబ్బు నెలనెలా రాలేదు. చాలాకాలం ఏమీ రాలేదు. వీధిలో కొందరు "చెప్పలా?" అన్నారు. నాయన వాళ్లకి జవాబు చెప్పేవాడు కాదు. తొమ్మిదో తరగతి అయిపోయాక ఒకేసారి 6,000 పడింది. అమ్మ ఆ డబ్బు ముట్టనివ్వలేదు. పదో తరగతిలో నూటికి 60 రాకపోతే ఆగిపోతుందని అక్క చెప్పి ఉంది కాబట్టి, ఆ ఏడాది సాయంత్రం చుట్టు కూడా నాకే వచ్చింది. అక్కకి 60 కంటే చాలానే ఎక్కువ వచ్చాయి. పదకొండులో కామర్స్ తీసుకుంది. ఇప్పుడొక ఆడిటర్ ఆఫీసులో పనిచేస్తోంది, మనుషుల ఏడాది సంపాదన లెక్కగట్టే పని.

నేను ఎనిమిదికి వచ్చిన ఏడాది ఒక మధ్యాహ్నం బండి మూసి ఉంది. నాయన ఎక్కడికి పోయాడో అమ్మకీ తెలియదు. సాయంత్రం రెండు అట్టల మధ్య పెట్టుకుని కొత్త ఆదాయం సర్టిఫికెట్ తెచ్చాడు. పాతది చెల్లదని కనుక్కున్నాడట. నేనింకా అడగనే లేదు. నేనూ రాశాను, నాకు రాలేదు. జాబితాలో నా నంబరు లేదని చెప్పిన రోజు రాత్రి, తొమ్మిదో తరగతికి యూనిఫారం గుడ్డ ఎప్పుడిస్తారని నాయన అడిగాడు. బడి మానడం గురించి ఇంట్లో ఎవరూ ఎత్తలేదు.